ఒకటే బాటిల్ గ్రీన్ కుర్తా సెట్, మూడు సందర్భాలు, ఏ రంగు చున్నీలు తీస్కోవాలి?

కర్నూలు పిల్ల
అందరికీ నమస్తే. నా దగ్గర ఒక బాటిల్ గ్రీన్ కుర్తా సెట్ ఉంది, కాటన్ సిల్క్, కుర్తా ప్యాంటు రెండూ ఒకటే గుడ్డ, ఎక్కడా ఒక్క పువ్వు కూడా లేదు, మెడ దగ్గర ఐదు గోల్డ్ బటన్స్ మాత్రం ఉన్నాయి. కుట్టు చాలా బాగా కుదిరింది, అందుకే వదలబుద్ధి కావట్లేదు. కానీ దాంతో వచ్చిన చున్నీ కూడా అదే గ్రీన్, వేసుకుంటే తల నుంచి కాళ్ల దాకా ఒకటే రంగు, ఇప్పటికి నాలుగుసార్లు వేశా, చూసినవాళ్లందరూ చూసేశారు. ఇప్పుడు నెలలో మూడు ఉన్నాయి. అత్తగారింట్లో వరలక్ష్మీ వ్రతం, పొద్దున పూట. ఫ్రెండ్ వాళ్ల చెల్లెలి నిశ్చితార్థం, రాత్రి ఏసీ హాల్లో. ఆఫీసులో ట్రెడిషనల్ డే. కొత్త డ్రెస్సులు మూడు కొనే ఉద్దేశం లేదు, చున్నీలు మార్చి కొత్తగా కనిపించాలి. రెండు కొనగలను, మరీ అవసరమైతే మూడు. ఏ రంగులు?

ఓరుగల్లు బిడ్డ
ఆవపిండి రంగు తీస్కో అక్కా, మస్టర్డ్ అంటరు గదా, అదే. కండ్లు మూస్కొని తీస్కో. గ్రీన్ మీదికి అది పోదు అన్నదే లేదు. మా ఇంట్ల ముగ్గురం అక్కచెల్లెండ్లం, ముగ్గురికీ అదే కాంబినేషన్ ఉంది.

శీను_బెజవాడ
కలర్ వీల్ అని ఉంటది చూడండి, అందులో ఆకుపచ్చకి ఎదురుగా ఉండేది ఎరుపు. ఎదురెదురు రంగులు పక్కపక్కన పెడితే రెండూ ఎత్తుకుంటాయి, అది రూలు. కాబట్టి ఎరుపో మెరూనో తీసుకోండి. నేను మా ఆవిడకి ఇదే లెక్కన గ్రీన్ చుడీదార్ మీదకి మెరూన్ చున్నీ తెచ్చాను, గుడ్డ చాలా బాగుంది, కానీ ఫంక్షన్ ఫోటోల్లో ఎందుకో అంతా ఒకటే ముద్దలాగా నల్లగా పడింది. కెమెరా ప్రాబ్లం అనుకుంటా.

గోదారి వదిన
అమ్మాయ్, చున్నీ ఒకవైపే వేసుకుని భుజం దగ్గర చిన్న చిన్న కుచ్చిళ్లు పెట్టి పిన్ను లోపల నుంచి గుచ్చు, బయటకి కనపడకూడదు. రెండో కొస మణికట్టు మీదుగా తెచ్చుకుంటే చాలా బాగుంటది. రెండున్నర మీటర్లు ఉంటేనే అలా వస్తది, రెండుంపావు అయితే కొస చాలదు, కొనేటప్పుడు కొలిచి చూసుకో.

కర్నూలు పిల్ల
వదినా థాంక్స్, కానీ ఎలా వేసుకోవాలి అని కాదండీ, రంగు అడుగుతున్నా. పొడవు సంగతి మాత్రం గుర్తు పెట్టుకుంటా.

రంగులపెట్టె
గుంటూరులో ఇరవై రెండేళ్లు మ్యాచింగ్ సెంటర్ నడిపాను అమ్మా, చున్నీలు అమ్మడం, రంగులు వేయించడం రెండూ మా దగ్గరే. ఆ అనుభవంతో చెప్తున్నా. శీను గారూ, అది కెమెరా ప్రాబ్లం కాదండీ. బాటిల్ గ్రీన్ ముదురు, మెరూన్ కూడా ముదురు. రంగులు వేరే అయినా ముదురు రెండింటికీ సమానం, అందుకే దూరం నుంచి చూసినా ఫోటోలో చూసినా కలిసిపోయాయి. మీ రూలులో తప్పేం లేదు, ఎదురెదురు రంగులు ఎత్తుకుంటాయి, కానీ ఒకటి ముదురు ఒకటి లేత అయితేనే. ఎరుపు వైపే వెళ్లాలంటే కనకాంబరం, రాణి పింక్, ఉల్లిపొర రంగు, ఇవన్నీ ఎరుపు ఇంటివే, కానీ గ్రీన్ కంటే లేతగా ఉంటాయి.

కర్నూలు అమ్మాయీ, రంగు చెప్పే ముందు ఒకటి చూసి చెప్పు. బాటిల్ గ్రీన్ అని అందరూ అంటారు గానీ అందులో రెండు రకాలు. కొంచెం నీలం కలిసింది ఒకటి, కొంచెం పసుపు కలిసి గోరింటాకు వైపు పోయేది ఇంకొకటి. పొద్దున కిటికీ దగ్గర తెల్ల కాగితం మీద కుర్తా అంచు పెట్టి, పక్కన ఒక ముదిరిన కరివేపాకు రెబ్బ పెట్టు. ఆకు పక్కన కుర్తా నీలంగా కనిపిస్తే మొదటి రకం. ఆకులో కలిసిపోయినట్టుంటే రెండోది. ట్యూబ్ లైటు కింద చూడకు, మోసం చేస్తది.

డల్లాస్ అమ్మాయి
నాదీ ఇలాంటిదే ప్రాబ్లం, నాది పిస్తా గ్రీన్ సెట్, దీపావళికి ఇక్కడ అసోసియేషన్ ప్రోగ్రాం ఉంది, మస్టర్డ్ వేస్తే మొహం జ్వరం వచ్చినదానిలా పాలిపోయినట్టు ఉంది, క్రీమ్ వేస్తే అసలు చున్నీ వేసుకున్నట్టే లేదు. ఇక్కడ షాపులో పట్టుకుని చూసే ఛాన్స్ లేదు, అన్నీ ఆన్‌లైనే, రిటర్న్ కూడా కుదరదు. ఏం చేయమంటారు?

కర్నూలు పిల్ల
రంగులపెట్టె గారూ ఇప్పుడే చూశా, కరివేపాకు పక్కన పెడితే కుర్తా స్పష్టంగా నీలం వైపు ఉంది. ఇన్నాళ్లూ ప్యూర్ గ్రీన్ అనుకున్నా.

రంగులపెట్టె
మంచిది. ఇప్పుడు రూపాయి ఖర్చు లేకుండా చూసే పద్ధతి చెప్తా. మీ అమ్మగారి బీరువానో అత్తగారి బీరువానో తెరువు. పట్టుచీరలు, కాటన్ చీరలు రంగు రంగులవి ఉంటాయి గదా, కుర్తా వేసుకుని ఒక్కో చీర పైట కొంగు భుజం మీద వేసుకో. చున్నీ అంత వెడల్పు మడతపెట్టు. అద్దంలో చూసుకో, కానీ అక్కడితో ఆగకు, ఎవరినైనా ఆరడుగుల దూరం నుంచి ఫోటో తీయమను, ఆ ఫోటోని ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ చెయ్. బ్లాక్ అండ్ వైట్‌లో కుర్తా ఎక్కడ ఆగిందో చున్నీ ఎక్కడ మొదలైందో తెలియకపోతే ఆ రంగు వదిలేయ్, షాపులో ఎంత నచ్చినా సరే. తేడా కనిపిస్తే అప్పుడు రంగు బాగుందా లేదా అనేది ఆలోచించు. ఈ చీర పద్ధతి మా షాపుకి వచ్చే పెద్దావిడలు చేసేవాళ్లు, చీర సంచీలో పెట్టుకుని వచ్చి "ఈ రంగు చున్నీ ఇవ్వు బాబూ" అనేవాళ్లు, వాళ్లు ఒక్కసారి కూడా మార్చుకోడానికి వెనక్కి రాలేదు.

డల్లాస్ అమ్మా, నీది తిరగేసిన కేసు. నీ కుర్తా లేత, కాబట్టి చున్నీ ముదురు కావాలి. నేరేడుపండు రంగు, లేకపోతే వంకాయ రంగు చూడు. మస్టర్డ్‌తో మొహం పాలిపోయింది అన్నావు చూడు, అది కూడా ముఖ్యమే, చున్నీ మెడ చుట్టూ ఉంటుంది కాబట్టి దాని నీడ మొహం మీద పడుతుంది. నీకు ఏ చీర కడితే అందరూ బాగుంది అంటారో ఆ చీర రంగే మెడ దగ్గర పెట్టుకో.

డల్లాస్ అమ్మాయి
వంకాయ రంగు చీర ఉంది నా దగ్గర, పెళ్లిలో పెట్టింది, ఎప్పుడూ మెచ్చుకుంటారు! ఈ రాత్రికే వేసి చూస్తా.

ఓరుగల్లు బిడ్డ
గిట్ల అయితే నా మస్టర్డ్ సంగతేంది అన్నా, తప్పా?

రంగులపెట్టె
తప్పు కాదు తల్లీ, సగం కరెక్టు. పగటి వెలుగులో బాటిల్ గ్రీన్ మీద మస్టర్డ్ బంగారం. కానీ హాల్లో పసుపుపచ్చ లైట్ల కింద పసుపు రంగులన్నీ వెలిసిపోయినట్టు అవుతాయి, బాటిల్ గ్రీన్ ఏమో నల్లగా అయిపోతుంది. ఆ లైట్ల కింద ఎరుపు, కనకాంబరం, రాగి లాంటి రంగులు మండుతాయి. అందుకని పొద్దున వ్రతానికి మస్టర్డ్ ఓకే, రాత్రి నిశ్చితార్థానికి వద్దు. ఇంకో మాట, మస్టర్డ్ గ్రీన్ కాంబినేషన్ అందరి దగ్గరా ఉంది, నువ్వే చెప్పావు మీ ముగ్గురికీ ఉందని. ఆ పిల్ల కొత్తగా కనిపించాలి అంటోంది.

గోదారి వదిన
వ్రతానికి అయితే క్రీమ్ కలర్ మంగళగిరి చున్నీ, నిజాం అంచుది, సన్నగా జరీ కూడా ఉంటది, చాలా నిండుగా ఉంటది అమ్మాయ్. ముదురు ఆకుపచ్చ మీద మీగడ రంగు అంటే ఆ అందమే వేరు.

ఓరుగల్లు బిడ్డ
వదినా, శ్రావణ శుక్రవారం పూట అత్తగారింట్ల తెలుపు ఏస్కొని పేరంటానికి కూసుంటే ఊకుంటరా? మా అత్తమ్మ అయితే గుమ్మంలనే ఆపుతది.

గోదారి వదిన
తెలుపు వేరు, మీగడ రంగు వేరు. జరీ అంచు ఉంటే, ఆ అంచుకి కాస్త పసుపో ఎరుపో ఉంటే తెలుపు కిందకి రాదు. మా అత్తగారే నాకు అలాంటిది పెట్టారు నోముకి. గుడికి కట్టుకునే పంచెలూ అవే కదా.

కర్నూలు పిల్ల
మా అత్తయ్య ఏం అంటారో అడిగితేనే తెలుస్తుంది, అడుగుతా. ఆవిడకి అనుమానంగా ఉంటే వేసుకోను, ఆ రోజు ఆవిడ ఇల్లు.

కర్నూలు పిల్ల
రెండు రోజుల తర్వాత రాస్తున్నా. ఆదివారం అమ్మ బీరువా మొత్తం మంచం మీద పోశాం. తొమ్మిది చీరలు వేసి చూశా, తమ్ముడు ఫోటోలు తీశాడు. చెప్తా వినండి.

మెరూన్ పట్టుచీర, అద్దంలో అదిరిపోయింది, బ్లాక్ అండ్ వైట్‌లో శీను గారు చెప్పినట్టే ముద్ద. నేవీ బ్లూ కూడా అంతే. రాణి పింక్ బ్లాక్ అండ్ వైట్‌లో బాగానే విడిగా కనిపించింది కానీ రంగు ఫోటోలో నా మొహం కనిపించట్లేదు, చున్నీయే కనిపిస్తోంది, అంత గట్టిగా ఉంది. అమ్మ పాత గంధం రంగు కాటన్ చీర వేస్తే పొద్దుటి వెలుగులో చాలా నచ్చింది, మస్టర్డ్ కంటే నెమ్మదిగా ఉంది, మొహం కూడా తేటగా ఉంది. చిలకపచ్చ వేస్తే గ్రీన్ మీద గ్రీన్ ఏం బాగుంటుంది అనుకున్నా కానీ పర్లేదు, కాకపోతే నా కుర్తా నీలం వైపు, చిలకపచ్చ పసుపు వైపు, పక్కపక్కన పెట్టేసరికి కుర్తా పాతబడినట్టు కనిపించింది. అసలు ఆశ్చర్యం ఉల్లిపొర రంగు. పిన్ని చీర అది, వెనకాల కొంచెం రాగి రంగు జరీ. సాయంత్రం హాల్లో ఉండే పసుపుపచ్చ బల్బు లాంటిదే పెట్టి చూశాం, ఆ లైటులో కుర్తా నల్లబడింది నిజమే కానీ చున్నీ మాత్రం లోపల దీపం పెట్టినట్టు ఉంది.

ఇంకో విషయం కనిపెట్టా. వెండి జరీ ఉన్న చీర వేసినప్పుడు రంగు బాగున్నా ఏదో అతకలేదు, తమ్ముడే చెప్పాడు, నీ బటన్స్ గోల్డ్ కదా అని. కుర్తా మీద ఉన్నవి ఐదు బటన్సే, అవి కూడా చున్నీ జరీతో మాట్లాడుకోవాలి అని అర్థమైంది.

రంగులపెట్టె
తమ్ముడికి చెప్పు, నా షాపు ఇంకా ఉంటే కౌంటర్ దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి. జరీ సంగతి నేను చెప్పడం మర్చిపోయా. నీ బటన్స్ గోల్డ్ కాబట్టి బంగారు జరీ కానీ రాగి జరీ కానీ నడుస్తుంది. వెండి జరీ తీసుకోవాలంటే బటన్స్ మార్చాల్సి వస్తుంది, ఐదే కదా, ఒక గంట పని, కానీ అప్పుడు మిగతా చున్నీలకి కుదరదు.

శీను_బెజవాడ
మా ఆవిడ ఫోటో బ్లాక్ అండ్ వైట్ చేసి చూశాను, మీరు చెప్పింది నిజం, గీత కూడా కనపడలేదు. ఆ మెరూన్ చున్నీ ఇప్పుడు దేని మీదకి పనికొస్తుంది?

రంగులపెట్టె
గంధం రంగు, లేత గులాబీ, మీగడ, వీటిలో ఏ కుర్తా ఉన్నా వేయమనండి. చున్నీది తప్పు లేదు, జోడీ కుదరలేదంతే.

కర్నూలు పిల్ల
ఇప్పుడు ఒక డౌట్. నా పాత గ్రీన్ చున్నీ ఊరికే పడుంది, దాన్ని డైయింగ్ షాపులో ఇచ్చి ఉల్లిపొర రంగు వేయిస్తే డబ్బులు మిగులుతాయి కదా?

రంగులపెట్టె
అవదమ్మా. రంగు వేయడం అంటే ఉన్నదాని మీద ఇంకోటి ఎక్కించడం, కాబట్టి ముదురుకే పోతుంది, లేతకి రాదు. గ్రీన్ మీద గులాబీ వేస్తే బురద రంగు వస్తుంది. ముందు ఉన్న రంగు మందు పెట్టి లాగేస్తాం అని కొందరు అంటారు, లాగితే గుడ్డ బలం పోతుంది, పైగా సమానంగా రాదు. వేయించాలంటే తెల్ల చున్నీ తీసుకుని ఇవ్వు. అది కూడా కాటన్, సిల్క్, విస్కోస్, వీటిలో ఏదో ఒకటి అయి ఉండాలి.

హనుమకొండ టైలరమ్మ
దీని గురించి నేను చెప్త. పోయినేడు మా మరదలు ఆన్‌లైన్ల ప్యూర్ షిఫాన్ అని రాసి ఉంటే తెల్ల చున్నీ తెప్పిచ్చింది, డైయింగ్‌కి ఇచ్చినం, రాణి పింక్ చెయ్‌మంటే పాలిపోయిన గులాబీ అచ్చింది, అది కూడ అక్కడక్కడ మచ్చలు. రంగేసే అతను జెప్పిండు అది పాలియెస్టర్ అని, వాళ్ల దగ్గర మరిగిచ్చే గిన్నెల ఏసే రంగు దానికి పట్టదంట. అప్పటి సంది నేనైతే కొస నుంచి రెండు పోగులు గుంజి కాలబెట్టి చూస్త. కాయితం లెక్క మండి బూడిద అయితే కాటన్ గానీ విస్కోస్ గానీ. ఎంటికలు కాలిన వాసనొస్తే సిల్కు. కరిగి గట్టి పూస లెక్క అయితే పాలియెస్టర్. సింకు మీద పట్టుకొని కాల్చుర్రి, చేతుల పెట్టుకొని కాదు, ఆ కరిగిన పూస అంటుకుంటే చర్మం ఊడొస్తది.

కర్నూలు పిల్ల
అయితే కొనేదే మేలు. అత్తయ్యని అడిగా. మీగడ రంగు అయినా సరే వ్రతానికి వద్దు అన్నారు, గంధం రంగుకి ఎర్ర అంచు ఉంటే తెచ్చుకో అన్నారు.

గోదారి వదిన
మీ అత్తగారి మాట మీ ఇంటికి ఖాయం, నేను కాదనను. కానీ మీగడ రంగు అశుభం అని మాత్రం ఒప్పుకోను.

ఓరుగల్లు బిడ్డ
నేనైతే ఒప్పుకుంట వదినా 🙂 ఎవరింటి పద్ధతి వాళ్లది.

రంగులపెట్టె
ఎర్ర అంచు మంచి సలహా, పెద్దావిడకి కన్ను ఉంది. కింద గ్రీన్, పైన గంధం, మధ్యలో ఎర్ర గీత ఉంటే రెండూ విడిపోకుండా పట్టుకుంటుంది. బొట్టు కూడా ఎరుపే కాబట్టి పైన ఒకటి, అంచులో ఒకటి కనపడతాయి, అది చాలు, గాజులు మళ్లీ ఎరుపు వేయకు, గ్రీన్ వేసుకో.

షాపుకి వెళ్లేటప్పుడు కుర్తా సంచీలో పెట్టుకుని వెళ్లు. ఫోన్లో ఫోటో చూపించి మ్యాచింగ్ అడగొద్దు, ఫోన్ ఎప్పుడూ గ్రీన్‌ని ఒకలా చూపించదు. నచ్చింది అనిపించాక చున్నీ, కుర్తా రెండూ పట్టుకుని షాపు గుమ్మం దాటి రోడ్డు మీద వెలుగులో చూడు. లోపల కలిసినవి బయట విడిపోవడం నేను వందలసార్లు చూశా, లోపల లైటుకి ఒకలా బయట ఎండకి ఒకలా ఉంటాయి. పంపించనంటే అక్కడ కొనకు.

కర్నూలు పిల్ల
ఆఫీసుకి మాత్రం ఏం చేయాలో తెలియట్లేదు. మళ్లీ గంధం రంగే వేస్తే వ్రతం ఫోటోలు స్టేటస్‌లో చూసిన కొలీగ్స్ ఉన్నారు.

హనుమకొండ టైలరమ్మ
ఆఫీసుకి ప్లేన్ ఏస్కోకు, ప్రింట్ ఏస్కో. పెడన కలంకారి కాటన్ చున్నీ, గంధం రంగు మీద ఎరుపు, నలుపు, నీలం, గ్రీన్ కూడ ఉంటది పువ్వుల ఆకులకు. ఆ ఆకుల గ్రీన్ నీ కుర్తా గ్రీన్‌కి దగ్గర ఉన్నది చూస్కొని తీస్కో, అప్పుడు చున్నీ కోసమే కుర్తా కుట్టిచ్చినట్టు కనవడ్తది, అది ఎన్నిసార్లేసినా పాతగనిపియ్యదు.

రంగులపెట్టె
ఇది సరైన మాట. ఆకు గ్రీన్ కుర్తా కంటే కాస్త లేతగా ఉన్నా ఫర్వాలేదు, కానీ పసుపు వైపు పోకూడదు, చిలకపచ్చ దగ్గర అమ్మాయికి అయిందే అవుతుంది.

కానీ ఒక జాగ్రత్త. అందరూ కలంకారి రంగు పోతుందా అని చున్నీని చూస్తారు. నీ కేసులో చూడాల్సింది కుర్తాని. కుర్తా ముదురు గ్రీన్, చున్నీ లేత. చెమటకి భుజం దగ్గర కుర్తా రంగు చున్నీకి అంటుకుంటుంది, ఆ మచ్చ ఇక పోదు. ఇంట్లో ఇప్పుడే చెయ్, తెల్ల చేతిరుమాలు తడిపి పిండి కుర్తా లోపలి కుట్టు మీద గట్టిగా ఇరవైసార్లు రుద్దు.

కర్నూలు పిల్ల
రుద్దా. రుమాలుకి లేత పచ్చ అంటింది 😟 నాలుగుసార్లు ఉతికిన డ్రెస్ ఇది!

గోదారి వదిన
ఉప్పు నీళ్లలో ఒక రాత్రి నానబెట్టు, రంగు పట్టేస్తది. మా ఇంట్లో ఎప్పుడూ అదే.

రంగులపెట్టె
వదినగారూ, రంగు వేసేటప్పుడు ఉప్పు వేస్తారు, అది నిజం, గుడ్డకి రంగు ఎక్కడానికి పనికొస్తుంది. కానీ వేసి అమ్మేసిన గుడ్డని ఇంట్లో ఉప్పు నీళ్లలో పెడితే ఊడే రంగు ఆగదు. ఊడాల్సింది ఊడిపోవాలి, అంతే. చల్లటి నీళ్లలో కుర్తా ఒక్కదాన్నే తిప్పి జాడించి నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ మార్చు. ప్యాంటు కూడా అప్పుడే జాడించు, లేకపోతే పైది వెలిసి కిందది ముదురుగా మిగిలిపోతుంది, సెట్ అని తెలియదు.

గోదారి వదిన
మా అమ్మ కాలం నుంచి ఉప్పే వేస్తున్నాం, మాకు ఎప్పుడూ రంగు పోలేదు.

కర్నూలు పిల్ల
నేను ఉప్పు లేకుండానే చేశా, ఏడు బకెట్లు మార్చా. ఏడో బకెట్‌కి నీళ్లు దాదాపు తేట. ఆరాక మళ్లీ రుమాలు రుద్దితే చూస్తే గానీ కనపడనంత. అయినా భయానికి భుజం దగ్గర చున్నీ కింద సన్నటి అస్తరు గుడ్డ ముక్క పిన్ను పెట్టుకుంటా.

కర్నూలు పిల్ల
వ్రతం అయింది, నిశ్చితార్థం కూడా అయింది. చెప్తానన్నా కదా.

వ్రతానికి గంధం రంగు మంగళగిరి, రెండు వేళ్ల వెడల్పు ఎర్ర అంచు. రెండున్నర మీటర్లు, వదిన చెప్పినట్టు కొలిపించా. అత్తయ్య పేరంటానికి వచ్చినావిడతో "కోడలు కొత్త డ్రెస్ కుట్టించుకుంది" అన్నారు, నేనేం మాట్లాడలేదు. భుజం దగ్గర మచ్చ పడలేదు.

నిశ్చితార్థానికి ఉల్లిపొర రంగు బనారసి, రాగి జరీ బుటాలు. షాపులో రెండు ఉల్లిపొరలు చూపించారు, లోపల రెండూ ఒకటే అనిపించాయి, బయటికి తీసుకెళ్తే ఒకటి కాస్త నీలం తిరిగి లావెండర్‌లా అయింది, రెండోది గులాబీలోనే ఉంది, అది తీసుకున్నా. లోపలే కొని ఉంటే ఏది వచ్చేదో. హాల్లో ఫోటోలు బాగా వచ్చాయి, ఒక్క చోట తప్ప, స్టేజ్ మీద నీలం లైటు వేశారు, ఆ లైటు కింద చున్నీ బూడిద రంగు అయిపోయింది. దానికి ఏమైనా ఉందా?

రంగులపెట్టె
నీలం లైటు కింద గులాబీలు, ఎరుపులు అన్నీ చచ్చిపోతాయి తల్లీ. ఆ లైటుకి నీలం, తెలుపు, వెండి లాంటివి తప్ప ఏదీ నిలబడదు, అది నేనూ ఎన్నో ఫోటోల్లో చూసి వదిలేశా. ఇప్పుడు హాళ్లలో లైట్లు నిమిషానికో రంగు మారుస్తున్నారు, దానికి చున్నీతో చేసేదేం లేదు.

డల్లాస్ అమ్మాయి
వంకాయ రంగు చీర పైట పెట్టి చూశా, పిస్తా మీద చాలా బాగుంది, బ్లాక్ అండ్ వైట్‌లో కూడా విడిగా ఉంది. కానీ ఆన్‌లైన్లో వంకాయ రంగు అని కొడితే ఒక్కోడు ఒక్కో రంగు చూపిస్తున్నాడు. మా అమ్మకి ఈ చీర అంచు పోగు ఒకటి కవర్లో పెట్టి పంపిద్దామా అనుకుంటున్నా, అమ్మ దాన్ని పట్టుకుని షాపుకి వెళ్తే కుదురుతుందా?

హనుమకొండ టైలరమ్మ
ఒక్క పోగుతోని రంగు తెల్వదమ్మా, సన్నగ ఉంటే లేత కనవడ్తది. ఆ చీర జాకిటు గుడ్డల మిగిలిన ముక్క ఉంటది సూడు, అగ్గిపెట్టంత అయినా సాలు, అది పంపు.

డల్లాస్ అమ్మాయి
బ్లౌజ్ కుట్టినావిడ దగ్గర మిగిలిన ముక్క అమ్మ దాచే ఉంటుంది, అడుగుతా అక్కా. వంకాయ రంగుకి జరీ ఏది మరి? నా పిస్తా కుర్తా మీద బటన్స్ ఏమీ లేవు.